ఫోటోలో అంచు తెగిపోయిన కీర్తన పేజీ: నోట్స్, కార్డ్స్ ఎలా పోల్చుకోవాలి?

శాంతి_నరసాపురం
అందరికీ నమస్కారం. నేను కీబోర్డు మొదలుపెట్టి ఏడు నెలలు. మా చర్చి క్వాయర్‌లో కీబోర్డు వాయించే అన్నయ్యకు పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఒక పాత ఇంగ్లిష్ కీర్తన నువ్వే వాయించాలమ్మా అని పెద్దలు చెప్పేశారు. అన్నయ్య వెళ్తూ వెళ్తూ పుస్తకంలో ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పుస్తకం బీరువాలో ఉంది, తాళం కార్యదర్శి గారి దగ్గర, ఆయన ఊళ్లో లేరు.

ఫోటో వంకరగా ఉంది. నాలుగు లైన్లలో పై రెండింటికి ఎడమ అంచు తెగిపోయింది. కుడివైపు పేజీ కుట్టు దగ్గరికి వంగిపోయి, గీతలు వాన నీళ్లలా కిందికి జారిపోతున్నాయి. కార్డ్స్ నాకు కనిపించినట్టే ఇక్కడ టైపు చేస్తున్నాను. ప్రశ్నార్థకాలు నావి.

```
    | G  | D/F? | Em | C  |
    | G  | A7   | D7 | G  |
    | C  | G    | G  | B? |
    | Em | C    | D7 | G  |
```

నా సందేహాలు. మొదటి బారుకి ముందు ఒక నోటు ఒంటరిగా ఉంది, అది తప్పా? D/F అంటే D గానీ F గానీ ఏదో ఒకటి వాయించమనా? ఆరో బారు, అంటే A7 ఉన్నది, ఎన్నిసార్లు వాయించినా పాటకీ కార్డుకీ పడటం లేదు. ఆ B పక్కన ఉన్నది 6 లాగా ఉంది, m లాగా కూడా ఉంది. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

కిరణ్_డల్లాస్
శాంతి గారు, ఇదంతా చేత్తో ఎందుకండీ? ఆడివెరిస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోటో ఇస్తే నొటేషన్ గుర్తుపట్టి ఫైలు చేసి ఇస్తుంది, దాన్ని మ్యూజ్‌స్కోర్‌లో తెరిచి ప్లే నొక్కితే పాట వినిపిస్తుంది. అయిదు నిమిషాల పని.

పియానో_మాస్టారు
కిరణ్ గారు, స్కానర్ మీద బల్లపరుపుగా పరిచి 300 డీపీఐలో తీసిన పేజీకైతే సరే. ఆవిడ చెబుతున్నది వంగిన పేజీ, అందులోనూ వాట్సాప్ నొక్కేసిన ఫోటో. పైగా ఆదివారం వాయించాల్సింది ఆవిడ, మ్యూజ్‌స్కోర్ కాదు.

అమ్మా శాంతీ, ఆ కింది రెండు లైన్లకి ఎడమ అంచు కనిపిస్తోంది అన్నావుగా. అక్కడ ఏముందో చూసి చెప్పు. మెలికల గుర్తు ఒకటి ఉంటుంది. దాని పక్కన # గానీ b గానీ ఏమైనా ఉన్నాయా? ఎన్ని? ఏ గీత మీద?

శాంతి_నరసాపురం
మెలికల గుర్తు ఉంది మాస్టారూ, ట్రెబుల్ క్లెఫ్. దాని పక్కన అన్నిటికంటే పై గీత మీద ఒకే ఒక # ఉంది. మూడో లైనుకీ నాలుగో లైనుకీ అలాగే ఉంది. ఆ పై గీత మీదికి వచ్చిన నోటుకే అది పనిచేస్తుందనుకుని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ గీత మీదికి పాట వెళ్లనే లేదు మరి.

పియానో_మాస్టారు
అక్కడే దొరికింది. అచ్చు పుస్తకాల్లో ఆ # ప్రతి లైను మొదట్లో మళ్లీ వేస్తారు. కింది లైన్లలో ఉందంటే తెగిపోయిన పై లైన్లలోనూ అదే ఉన్నట్టు. పై గీత F. కానీ ఆ గుర్తు ఆ గీతకు మాత్రమే కాదు, పాటలో ఎక్కడ F వచ్చినా, కింద మొదటి సందులో వచ్చే F అయినా, నల్ల మెట్టే నొక్కాలి.

తాళం గుర్తు మాత్రం మొదటి లైనులోనే వేస్తారు, కాబట్టి అది నీ ఫోటోలో పోయింది. ఫరవాలేదు, లెక్కపెట్టి రాబట్టొచ్చు. శుభ్రంగా కనిపించే బారు ఒకటి తీసుకుని అందులో ఎన్ని బీట్లు ఉన్నాయో చెప్పు.

కిరణ్_డల్లాస్
చిన్న సవరణ మాస్టారూ. మా బ్యాండులో చేతిరాత చార్టులు వాడతాం. వాటిలో షార్ప్‌లు మొదటి లైనులో ఒక్కసారి రాసి వదిలేస్తారు, కింద మళ్లీ రాయరు. అలాంటి పేజీ ఫోటోలో పై అంచు పోతే అంతే సంగతులు.

పియానో_మాస్టారు
నిజమే. నేను అచ్చు కీర్తన పుస్తకం గురించే చెప్పాను. చేతిరాతకి ఈ ధీమా లేదు.

వీణ_రాజ్యలక్ష్మి
ఒక్క షార్ప్ అంటే శంకరాభరణం అమ్మా, షడ్జమం G దగ్గర, మన లెక్కలో అయిదో శ్రుతి. F# నిషాదం అవుతుంది. ఇక అనుమానం లేదు. స్వరాలు రాసుకుని పాడుకుంటూ వాయించు, ఈ గీతల గొడవే ఉండదు.

పియానో_మాస్టారు
అమ్మా, మీరు చెప్పింది ఈ పాటకి సరిపోతుంది. ఒక్క షార్ప్ ఉన్న ప్రతి పాటకీ సరిపోదు. అదే గుర్తుతో E షడ్జమంగా ఉండే మైనర్ పాటలూ ఉంటాయి, అప్పుడు మీ లెక్కలో నఠభైరవి అవుతుంది. ఏదో తేల్చుకోవాలంటే చివరి కార్డు చూడాలి. శాంతి పేజీలో మొదలూ చివరా G, చివరి దానికి ముందు D7. కాబట్టి మీ మాటే ఖాయం, కానీ ఖాయం చేసింది షార్ప్ ఒక్కటే కాదు.

గిటార్_బన్నీ
అన్నా, నాదీ ఇదే ప్రాబ్లం. ఫ్రెండ్ ఒక కార్డు బాక్స్ ఫోటో పంపాడు, D కార్డు. నిలువుగా ఆరు గీతలు, పైన రెండు x లు. నేను ఎడమ గీత సన్న తీగ అనుకున్నా. వాయిస్తే చెండాలంగా ఉంది. ఫోటో తిరగబడిందా?

పియానో_మాస్టారు
తమ్ముడూ, ఫోటో బాగానే ఉంది. గిటార్‌ని నీకెదురుగా గోడకి నిలబెట్టి చూస్తే ఎలా కనబడుతుందో బాక్స్ అలా ఉంటుంది. ఎడమ గీత లావు తీగ. D అంటే `xx0232`, లావు తీగలు రెండూ మోగకూడదు. ఫోటో అద్దంలా తిరగబడిందేమో అని అనుమానం వస్తే పక్కన ఉన్న అక్షరాలు చూడు, అవి సరిగ్గా చదవగలిగితే గీతలూ సరిగ్గానే ఉన్నట్టు. మిగతాది వేరే థ్రెడ్‌లో అడుగు, ఇక్కడ ఆవిడకి ఆదివారం ముంచుకొస్తోంది.

శాంతి_నరసాపురం
లెక్కపెట్టాను. అయిదో బారులో మూడు నల్ల గుండ్లు, తోకలు లేవు. అంటే మూడు బీట్లు. ఏడో బారులో తెల్ల గుండు ఒకటి, నల్లది ఒకటి, అదీ మూడే. కానీ నాలుగో బారు రెండున్నరే వస్తోంది. E నల్ల గుండు, దాని పక్కన తోక ఉన్న D, తర్వాత C నల్ల గుండు. ఒకటి, అర, ఒకటి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఇంకో విచిత్రం, చివరి బారులో తెల్ల గుండు ఒక్కటే ఉంది, రెండు బీట్లే.

పియానో_మాస్టారు
బాగా లెక్కపెట్టావు. ఒక్కొక్కటే చూద్దాం.

చివరి బారుకి రెండు బీట్లే ఉండటం తప్పు కాదు. మొదట్లో ఒంటరిగా ఉందన్నావే, ఆ నోటుది ఒక బీటు. పాట తాళంలో మూడో దెబ్బ మీద ఎత్తుకుంటుంది. ముందు అరువు తీసుకున్న ఆ ఒక్క బీటు చివరి బారులో తగ్గించారు. రెండూ కలిపితే మూడు. రెండో చరణానికి తిరిగి వచ్చినప్పుడు ఆ లెక్క అతుక్కుంటుంది. కాబట్టి ఇది మూడు బీట్ల పాట, 3/4.

నాలుగో బారులో అర బీటు పోయింది. ఎక్కడ పోయిందో ఊహించవచ్చు. అది కుట్టు వైపు బారు, నీడా ఉంది, వంపూ ఉంది. అలాంటి చోట మొదట మాయమయ్యేది చుక్క. నోటు గుండుకి కుడి పక్కన చుక్క ఉంటే ఆ నోటు ఇంకో సగం సాగుతుంది. E పక్కన చుక్క ఉండి ఉంటే ఒకటిన్నర, అర, ఒకటి, మూడు సరిపోయింది. తోక ఉన్న అర బీటు నోటు ముందు చుక్క ఉన్న నోటు రావడం ఇలాంటి కీర్తనల్లో మామూలే. E పై సందులో ఉంటుంది, చుక్క కూడా అదే సందులో పడుతుంది. ఫోటోని పెద్దది చేసి ఆ సందులో బూడిద రంగు మరక ఉందేమో చూడు. గుండుకి పైనో కిందో ఉన్న చుక్క అయితే వేరే, అది కుదించి కొట్టమని. పక్కనుంటేనే సాగేది.

ఇంకొకటి, వంపు ఉన్న చోట గీతల్ని ఎడమవైపు నుంచి కంటితో లాక్కుంటూ వెళ్లకు. నోటు ఉన్న చోటే ఆగి, దాని కింద ఎన్ని గీతలు, పైన ఎన్ని గీతలు అని లెక్కపెట్టు. గీతలు ఎంత వంగినా ఆ లెక్క మారదు.

శాంతి_నరసాపురం
మరక ఉంది మాస్టారూ! ఇన్నాళ్లూ దుమ్ము అనుకున్నాను. సరే, ఆ D/F సంగతి?

హార్మోనియం_బాబాయ్
అమ్మాయీ, ముప్ఫై ఏళ్లుగా మందిరంలో హార్మోనియం వాయిస్తున్నాను, నొటేషన్ చదవడం రాదు. అయినా ఇది చెప్పగలను. G తర్వాత D, ఆ తర్వాత Em వస్తే ఎడమ చేయి అయిదు, నాలుగున్నర, మూడు అని మెట్లు దిగుతుంది. గీత తర్వాత రాసింది ఎడమ చేతి మెట్టు. నాలుగు కాదు, నాలుగున్నర.

పియానో_మాస్టారు
బాబాయ్ గారు చెవితో చెప్పింది కాగితం మీదా నిజమే. అడ్డగీతకి ముందున్నది కార్డు, తర్వాతది ఎడమ చేతి అడుగు నోటు. 'గానీ' అని అర్థం కాదు. కుడి చేత్తో D కార్డు, ఎడమ చేత్తో F#. ఫోటోలో # అరిగిపోయి ఉత్త F మిగిలింది. అక్కడ # ఉందని ఎలా తెలుస్తుంది? D కార్డులో ఉన్నవి D, F#, A. ఉత్త F వేస్తే పైన F#, కింద F ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. కీర్తన పుస్తకంలో అలా రాయరు.

ఇలాంటి పేజీ చదివేటప్పుడు నేను చేసేది ఇదే. కార్డు అక్షరం చెడిపోతే కింద నోట్లని సాక్షిగా పిలుస్తాను, నోటు చెడిపోతే పైన కార్డుని అడుగుతాను. ఆరో బారులో నీకు పడనిది కూడా అలాగే తేలుతుంది. ఆ బారులో నోట్లు ఏమిటో రాయి.

శాంతి_నరసాపురం
C, E, C. మొదటి C ముందు ఏదో గీకినట్టు ఉంది. ఏడో బారులో D తెల్ల గుండు, తర్వాత C నల్ల గుండు, దాని పైన D7.

పియానో_మాస్టారు
A7 లో ఏమేం ఉన్నాయి? A, C#, E, G. నువ్వు కుడి చేత్తో పాటలో ఉత్త C నొక్కుతూ, ఎడమ చేత్తో C# ఉన్న కార్డు పట్టుకున్నావు. పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి మోగితే పడదు మరి. ఆ గీకినట్టున్నది #.

వీణ_రాజ్యలక్ష్మి
అంటే అక్కడ ప్రతి మధ్యమం! శంకరాభరణంలో కల్యాణి ఛాయ. అయితే అమ్మాయీ, గుర్తు మొదటి C కే ఉంది కాబట్టి మొదటి దానికే C#, మూడోది మామూలు C వాయించు.

పియానో_మాస్టారు
ఇక్కడ ఒప్పుకోను అమ్మా. మధ్యలో వేసిన # ఆ బారు గీత దాకా పనిచేస్తుంది, అదే ఎత్తులో ఉన్న నోటుకి. మూడో నోటు కూడా C#. మళ్లీ రాయరు, రాయలేదు కాబట్టి కొత్తవాళ్లు అక్కడే జారుతారు. బారు గీత దాటాక గుర్తు చెల్లదు, కాబట్టి ఏడో బారులో C తిరిగి తెల్ల మెట్టు. సాక్షి కావాలా? D7 అంటే D, F#, A, C. అందులో ఉత్త C ఉంది. ఆరో బారులో C#, C#, ఏడో బారులో C. పాట అక్కడ కిందికి జారి G కి చేరుతుంది, వాయించి చూడు.

కల్యాణి ఛాయ అన్నారే, అది ఒక్క బారు కోసమే వచ్చి వెళ్లిపోయింది. పుస్తకం మొదట్లో రెండో # పెట్టకుండా అక్కడికక్కడ పెట్టింది అందుకే.

హార్మోనియం_బాబాయ్
ఒకటిన్నర మెట్టు. ఆ చోట పాడేవాళ్లు కూడా జారుతుంటారు, మా మందిరంలో సగం మంది ఒకటే పట్టుకుని లాగుతారు. అమ్మాయి గట్టిగా వాయిస్తే వాళ్లూ సర్దుకుంటారు.

శాంతి_నరసాపురం
పడింది! ఇప్పుడే వాయించాను. ఇంట్లోవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. ఇక మిగిలింది ఆ B ఒక్కటే. పన్నెండో బారు, కుట్టులోకి పూర్తిగా వంగిపోయింది. పాటలో ఒకే నోటు ఉంది, మధ్య గీత మీద B, తెల్ల గుండు, పక్కన చుక్క, మూడు బీట్లు. తర్వాతి లైను Em తో మొదలు.

పియానో_మాస్టారు
తోసెయ్యగలిగినవి ముందు తోసేద్దాం. ఆ మసక b అయితే B ఫ్లాట్ కార్డు. పాటలో మూడు బీట్లు నిలబడి ఉన్నది మామూలు B, దానికి పక్క మెట్టు కార్డులో మోగుతుంది. కుదరదు. 6 అనుకుంటే అందులో G# రావాలి, ఈ పాటలో ఎక్కడా లేదు, వెనకా ముందూ దాని జాడ లేదు. అదీ కాదు.

మిగిలినవి Bm, B7. రెండింట్లోనూ B ఉంది, కాబట్టి పాట నోటు ఏదీ తేల్చదు. Em ముందు B7 రావడం చాలా సహజం, D# నుంచి E కి మెట్టు పక్కకి జారుతుంది. నా ఓటు B7.

హార్మోనియం_బాబాయ్
నాకు Bm. ఈ కీర్తన నిదానం పాట, అక్కడ B7 పెడితే సినిమా పాటలా అవుతుంది. పాత పుస్తకాల వాళ్లు అంత కారం వెయ్యరు.

కిరణ్_డల్లాస్
మీరు గొడవపడుతుండగా శాంతి గారు ప్రైవేటు మెసేజ్‌లో ఫోటో పంపితే ఆడివెరిస్‌లో పెట్టి చూశాను. ఒప్పుకుంటున్నాను మాస్టారూ, ఎడమవైపు బార్లు బాగానే వచ్చాయి. వంపు ఉన్న నాలుగు బార్లలో నోట్లు ఒక మెట్టు అటూ ఇటూ పడ్డాయి, చుక్క రాలేదు. ఆ B పక్కన ఏముందో దానికీ తెలియలేదు. సరిదిద్దడానికి నాకు అరగంట పైనే పట్టింది.

శాంతి గారు, బీరువా తాళం దొరికాక ఫోటో మళ్లీ తీస్తే ఇలా తియ్యండి. కిటికీ పక్కన, పగటి వెలుతురులో. ఫ్లాష్ వద్దు, నున్నటి కాగితం మీద తెల్ల మచ్చ పడుతుంది. పుస్తకం రెండు వైపులా కింద ఏదైనా పెట్టి, మీకు కావలసిన పేజీ బల్లపరుపుగా వచ్చేలా చూసుకోండి. ఫోను కాగితానికి సమాంతరంగా, మరీ దగ్గరగా కాకుండా కాస్త పైకెత్తి రెండింతలు జూమ్ చేసి తియ్యండి, అంచుల వంకర తగ్గుతుంది. నాలుగు అంచులూ ఫోటోలో పడాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నొక్కకుండా వెళ్తుంది.

గిటార్_బన్నీ
అక్కా, యూట్యూబ్‌లో ఇదే కీర్తన పెట్టుకుని పక్కన వాయించావా? నేనైతే G పట్టుకుంటే వీడియోతో కలవట్లేదు. ఫోటో తప్పేమో.

శాంతి_నరసాపురం
నాకూ కలవలేదు బన్నీ, అందుకే మొదట్లో ఇంకా భయపడ్డాను.

పియానో_మాస్టారు
వీడియోలో వాళ్లు వాళ్ల గొంతుకి తగ్గట్టు శ్రుతి మార్చుకుని ఉంటారు. వీడియోలో చివరి నోటు పట్టుకో. అది A అయితే మొత్తం రెండు మెట్లు పైకి వెళ్లినట్టు, నల్లవీ తెల్లవీ కలిపి లెక్క. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ +2 పెట్టి పేజీలో ఉన్నట్టే వాయిస్తే కలుస్తుంది. గిటార్ అయితే రెండో గడిలో కేపో. పేజీని మాత్రం మార్చి రాసుకోకు, ఆదివారం పుస్తకంలో చూసి పాడేవాళ్లతో తేడా వస్తుంది. వాయించడం అయ్యాక +2 తీసెయ్యడం మరిచిపోకు, ఆ పొరపాటు నేనూ చేశాను, ఒక పెళ్లిలో.

శాంతి_నరసాపురం
(తొమ్మిది రోజుల తర్వాత)
కార్యదర్శి గారు వచ్చారు, బీరువా తెరిచారు. కిరణ్ గారు చెప్పినట్టే కిటికీ దగ్గర ఫోటో తీశాను. నాలుగో బారులో E పక్కన చుక్క ఉంది. ఆరో బారులో C ముందు # ఉంది, మూడో నోటుకి లేదు, మాస్టారు చెప్పినట్టే. D/F# లో # చక్కగా కనిపిస్తోంది. మొదటి లైనులో 3/4 ఉంది.

పన్నెండో బారు దగ్గర మాత్రం ఎవరో ఎప్పుడో పేజీ చిరిగితే సెల్లోటేపు వేశారు. టేపు పసుపెక్కి, B తర్వాత అక్షరం దాంతోపాటే లేచిపోయింది. పుణె అన్నయ్యకి ఫోన్ చేస్తే నేను అక్కడ ఎప్పుడూ ఉత్త B, F# రెండే పట్టుకునేవాడిని, ఏదో నాకూ తెలియదు అన్నారు.

హార్మోనియం_బాబాయ్
చూశారా, ఆ అబ్బాయి తెలివైనవాడు. మధ్య మెట్టు వదిలేస్తే Bm అని నేనూ అనుకోవచ్చు, B7 అని మాస్టారూ అనుకోవచ్చు.

పియానో_మాస్టారు
క్వాయర్‌లో ఆల్టో పాడేవాళ్లు ఆ చోట D పాడతారా, D# పాడతారా అడుగమ్మా. D అయితే Bm, D# అయితే B7. వాళ్లు ఏళ్లుగా పాడుతున్నదే నువ్వు పట్టుకో.

శాంతి_నరసాపురం
అడిగాను మాస్టారూ. ఇద్దరు ఆల్టోలు ఉన్నారు. ఒకరు D, ఒకరు D#.